రెండో తరగతి బోర్డు మీద "ఈ రోజు నేర్చుకునేది" పిల్లల మాటల్లో ఎట్ల రాయాలె?

సుద్దముక్క_నల్గొండ
రెండో తరగతి, లెక్కలు. సోమవారం పాఠం రెండంకెల కూడిక, చేతిలో ఒకటి వచ్చేది. పీరియడ్ ప్లాన్‌లో ఉన్న వాక్యాన్నే బోర్డు మీద రాస్తున్న: "విద్యార్థులు రెండంకెల సంఖ్యల సంకలనాన్ని స్థానమార్పిడితో అవగాహన చేసుకొని సమస్యలను సాధిస్తారు." పోయినసారి గిట్లనే రాస్తే ఒక పిల్ల లేచి "టీచర్, ఇది గూడ నోట్‌బుక్కుల రాయాల్నా?" అనడిగింది. క్లాసు చూడడానికొచ్చిన సారు "పిల్లల భాషల రాయండి, ఎట్లుంటే వచ్చినట్టో గూడ రాయండి" అని చెప్పి పోయిండు. ఎట్లనో చెప్పలే. ఒక్క లెక్కలకే కాదు, తెలుగుకు, మిగతావాటికి గూడ ఉదాహరణలుంటే పెట్టుండ్రి.

పాలమూరు_పంతులు
చాలా సులువు. "విద్యార్థులు" తీసేసి "నేను" పెట్టండి, "సాధిస్తారు" తీసేసి "చేయగలను" పెట్టండి. "నేను రెండంకెల కూడికను స్థానమార్పిడితో చేయగలను." అయిపోయింది.

బడిగంట
పంతులు గారూ, మీరు మార్చింది కర్తను మాత్రమే. ఏడేళ్ల పిల్లకు "స్థానమార్పిడి" అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. "నేను, చేయగలను" అన్న చట్రం మంచిదే, నేనూ వాడతాను. కానీ నడుమ పెట్టే మాట ఆ పిల్ల చేతిలో పట్టుకోగలిగేదై ఉండాలి.

ఈ పాఠంలో చేతిలో ఉండేవి పుల్లలు. 27 అంటే రెండు కట్టలు, ఏడు విడి పుల్లలు. 15 అంటే ఒక కట్ట, అయిదు విడి పుల్లలు. విడివి కలిపితే పన్నెండు. అందులో పది తీసి రబ్బరు వేస్తే కొత్త కట్ట వచ్చింది, విడివి రెండే మిగిలాయి. కట్టలు రెండు, ఒకటి, కొత్తది ఒకటి, మొత్తం నాలుగు. 42. పాఠమంతా ఆ రబ్బరు వేసే క్షణంలోనే ఉంది. కాబట్టి బోర్డు మీద వాక్యం దాని గురించే ఉండాలి:

"విడి పుల్లలు పది దాటితే ఏం చేయాలో నాకు తెలుసు."

వచ్చిందో లేదో చూసుకునే గుర్తులు మూడు:
విడివి ముందు కలిపాను.
పది పుల్లలను కట్ట కట్టి, కట్టల వైపు పెట్టాను.
కొత్త కట్టను మర్చిపోకుండా కలిపాను.

మూడు చాలు. నాలుగోది పెడితే మొదటిది మర్చిపోతారు.

చింతగింజ
పుల్లలంటే ఏం పుల్లలు? మా బడిల చీపురు పుల్లలు లెక్కలకే అయిపోయినయి, ఊడ్వనీకి చీపురు లేదు.

సుద్దముక్క_నల్గొండ
@చింతగింజ 😀 కందికట్టె పుల్లలు ఇరిచి తెచ్చుకోండి, మా దిక్కు కొదువ లేదు.
@బడిగంట గుర్తులు అర్థమైనయి. ఒక అనుమానం. అది పుల్లల వరకు బాగుంది. నోట్‌బుక్కుల అంకెలతో చేసేటప్పుడు పుల్లలుండవు గదా?

లెక్కల_మేస్త్రి
మంచి ప్రశ్న. నోట్‌బుక్కులో పిల్లలు చేసే తప్పులు ఎక్కువగా రెండు రకాలు, వాటిని బట్టి గుర్తు రాయండి.

ఒకటి, 27, 15 కలిపి 312 రాస్తారు. ఒకట్ల కింద 12 అంతా రాసి, పదుల కింద 3 వేస్తారు. రెండోది, 32 రాస్తారు. ఇక్కడ 2 వేసి ఒకటి చేతిలో పెట్టుకున్నారు గానీ దాన్ని కలపడం మరిచారు. పైకి రెండూ తప్పులే, కారణాలు వేరు. మొదటి పిల్లకు కట్ట కట్టడమే రాలేదు, ఆమెను మళ్లీ పుల్లల దగ్గరికి తీసుకుపోవాలి. రెండో పిల్లకు వచ్చింది, మరిచిపోయింది అంతే. ఆమెకు పదుల గడి పైన ఒక చిన్న ఖాళీ గడి గీసి ఇస్తే సరిపోతుంది.

అందుకని నోట్‌బుక్కు పనికి గుర్తు ఇట్లా: "ఒక్క గడిలో ఒక్క అంకెనే ఉంది." ఇది 312ను పట్టేస్తుంది. "చేతిలో ఒకటిని పైన చిన్న గడిలో రాసి కలిపిన." ఇది 32ను పట్టేస్తుంది. పిల్ల తన వేలు పెట్టి తానే చూసుకోవచ్చు, మీరు పక్కన ఉండనక్కర లేదు.

"జాగ్రత్తగా చేశాను", "చక్కగా రాశాను" అనేవి గుర్తులు కావు. 312 రాసిన పిల్ల కూడా చాలా జాగ్రత్తగానే రాసింది.

సూర్యాపేట_అమ్మ
మా బాబు కూడా రెండో తరగతే. టార్గెట్లు పెట్టమంటున్నారు కదా, ఇంట్లో రోజుకు ఎన్ని పదాలు, ఎన్ని ఎక్కాలు పెట్టాలి? ఇప్పుడు రోజుకు ఒక ఎక్కం, పది స్పెల్లింగులు పెట్టాను. సరిపోతాయా?

పాలమూరు_పంతులు
అమ్మా, ఇక్కడ మాట్లాడేది ఒక పీరియడ్ పాఠం గురించి, ఇంటి టైంటేబుల్ గురించి కాదు.

బడిగంట
కాకపోయినా, ఆమె అడిగినదానిలో మనకు పనికొచ్చేది ఉంది. "ఒక ఎక్కం, పది స్పెల్లింగులు" అనేది పని, నేర్చుకునేది కాదు. మన బోర్డుల మీద కూడా అదే తప్పు జరుగుతుంది. "34వ పేజీ పూర్తి చేయాలి" అని రాస్తే, పిల్లకు పేజీ నింపడమే పాఠం అవుతుంది. పక్కవాడిది చూసి నింపినా పని అయినట్టే. అమ్మా, మీరు బాబును అడగాల్సింది "ఎన్ని రాశావు" అని కాదు. "రెండో ఎక్కంలో ఆరు రెళ్లు మరిచిపోతే ఎట్ల కనుక్కుంటావ్" అని అడగండి. అయిదు రెళ్లు పది, ఇంకో రెండు వేస్తా అంటే వచ్చినట్టు.

సూర్యాపేట_అమ్మ
ఇప్పుడే అడిగాను. "నాన్నను అడుగుతా" అన్నాడు.

చింతగింజ
అది గూడ ఒక పద్ధతే 😂

అచ్చంపేట_ఒక్కడే_సార్
మీ అందరికీ రెండో తరగతి ఒక్కటే ఉన్నట్టు మాట్లాడుతున్నరు. నా దగ్గర ఒకటి, రెండు, మూడు ఒకే గదిల. మూడు వాక్యాలు, తొమ్మిది గుర్తులు బోర్డు మీద రాస్తే సుద్ద అయిపోతది, పీరియడ్ గూడ అయిపోతది.

లెక్కల_మేస్త్రి
తొమ్మిది వద్దు సార్. వాక్యం ఒక్కటే పెట్టండి: "పది అయితే కట్ట కడతాను." ఇది ముగ్గురికీ సరిపోతుంది. గుర్తు మాత్రం ఒక్కో గుంపుకు ఒక్కటి. ఒకటో తరగతికి: పద్నాలుగు పుల్లలిస్తే ఒక కట్ట, నాలుగు విడివి చేసి చూపిస్తా. రెండో తరగతికి 27, 15. మూడో తరగతికి: కట్టలే పది అయితే వాటిని కూడా పెద్ద కట్ట కడతా, అంటే వంద. బోర్డుకు బదులు మూడు అట్టముక్కలు, ఒక్కో చాప దగ్గర ఒక్కటి. చదవడం రానివాళ్ల కోసం అట్ట మీద బొమ్మ గీస్తే సరి, కట్ట బొమ్మ ఒకటి, పక్కన నాలుగు గీతలు.

అచ్చంపేట_ఒక్కడే_సార్
ఇది చేయొచ్చు. అట్టముక్కలు అగ్గిపెట్టె డబ్బాలవి తెస్త.

రామగిరి_తెలుగుటీచర్
తెలుగు సంగతి నేను చెప్తా. చాలామంది ఇంగ్లీషు పాఠానికి తయారుచేసిన చార్టును తెలుగులోకి దించుకుంటున్నారు. ఒక చార్టులో "వాక్యం మొదట పెద్ద అక్షరం పెట్టాను" అని ఉంది. తెలుగులో పెద్ద అక్షరం ఎక్కడినుంచి వచ్చింది? పిల్లలు నిజంగానే మొదటి అక్షరాన్ని లావుగా, రెండు గీతల ఎత్తున రాశారు. చెప్పింది చేశారు, వాళ్ల తప్పేముంది.

తెలుగులో రెండో తరగతి పిల్ల రాతలో నిజంగా తేలే తప్పులు వేరు. దీర్ఘం పోతుంది, "పాలు" పలు అవుతుంది. ఒత్తు పోతుంది, "అమ్మ" అమ అవుతుంది. రెండు మాటలు కలిసిపోతాయి. కాబట్టి మూడు వాక్యాలు రాసే పాఠమైతే, అనుకుందాం పిల్లలమర్రి చూసి వచ్చారు, వాక్యం ఇది:

"నేను చూసింది చూడనివాళ్లకు మూడు వాక్యాల్లో చెప్పగలను."

"పిల్లలమర్రి గురించి రాస్తాను" అని పెట్టకండి. మర్రిచెట్టు ఈ రోజు సామాను మాత్రమే, రేపు సంత గురించి రాసినా నేర్చుకునేది అదే. పేరు బోర్డు మీద ఉంటే పిల్లలు మర్రిచెట్టు గురించి తెలిసిందంతా రాయాలనుకొని, కొమ్మలు, ఊడలు, కోతులు అని మాటలు పేరుస్తారు, వాక్యాలు రావు.

గుర్తులు: ప్రతి వాక్యంలో ఎవరో ఉన్నారు, వాళ్లు ఏదో చేశారు. మాటకు మాటకు నడుమ వేలు పట్టేంత జాగా ఉంది. వేలు పెట్టి చదివితే నేను అనుకున్న మాటే నోటికి వచ్చింది.

ఆ చివరిదే అన్నిటికన్నా పని చేస్తుంది. "పలు" అని రాసిన పిల్ల బిగ్గరగా చదివితే తానే ఆగుతుంది.

సుద్దముక్క_నల్గొండ
ఒకటి అడుగుత. "మా అవ్వ బాయికాడికి వొయింది" అని రాస్తే? వాక్యముంది, ఎవరో ఉన్నరు, ఏదో చేసిన్రు. సున్నా చుట్టాల్నా?

పాలమూరు_పంతులు
చుట్టాలి. పుస్తకంలో "బావి దగ్గరికి పోయింది" అని ఉంటుంది. ఇప్పుడు దిద్దకపోతే ఎప్పుడు దిద్దుతారు?

రామగిరి_తెలుగుటీచర్
నేను ఒప్పుకోను. ఆ రోజు నేర్చుకునేది మూడు వాక్యాల్లో చెప్పడం. పిల్ల చెప్పింది. గుర్తుల్లో "పుస్తకం మాట" అని లేనప్పుడు దానికి సున్నా చుడితే, బోర్డు మీద రాసిన గుర్తులు ఉత్తవే అని పిల్లకు అర్థమైపోతుంది. రేపటి నుంచి మన మొఖం చూసి రాస్తుంది, బోర్డు చూసి కాదు. పుస్తకం మాట నేర్పాలంటే దానికి ఇంకో రోజు ఇంకో వాక్యం: "ఇంట్లో అనే మాటను పుస్తకంలో ఎట్ల రాస్తారో నాకు తెలుసు." బాయి, బావి. కాడికి, దగ్గరికి. జతలు రాయించండి.

పాలమూరు_పంతులు
ఇంకో రోజు ఎప్పుడొస్తుంది మేడమ్? సిలబస్ ఆగదు.

చింతగింజ
నాకైతే అవ్వ బాయికాడికే వోవాలె. "బావి దగ్గరికి" పోతే మా అవ్వనే గుర్తుపట్ట.

బడిగంట
ఇందులో నాకూ ఒక వైపు తేలలేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా. ముందుగా చెప్పని గుర్తుతో దిద్దకూడదు. అది మేడమ్ అన్నదే.

పంతులు గారి ఆందోళన కూడా నిజం కాబట్టి, రెండూ ఒకే పాఠంలో కావాలంటే పాఠం మొదట్లోనే "ఈ రోజు ఒక్క ఇంటి మాటను పుస్తకం మాట చేస్తాను" అని నాలుగో గుర్తు పెట్టొచ్చు. నాలుగు ఎక్కువని నేనే అన్నాను. అందుకే తేలలేదంటున్నా.

సుద్దముక్క_నల్గొండ
ఈ గుర్తులు మనమే రాసి పెట్టాల్నా, పిల్లలతోని చెప్పించాల్నా? కాంప్లెక్స్ మీటింగుల పిల్లలతోని చెప్పించమన్నరు. నేనడిగితే "మంచిగ రాయాలె టీచర్, గలీజు రాయొద్దు" అన్నరు అందరు.

లెక్కల_మేస్త్రి
ఉత్తగా అడిగితే అట్లనే అంటారు. రెండు నమూనాలు పక్కపక్కన పెట్టి అడగాలి. ఇట్లా చేయండి. రెండు చార్టు ముక్కల మీద మీరే రాయండి, ఒకదాని మీద 27, 15 కలిపి 42, ఇంకోదాని మీద 312. మీ క్లాసు పిల్ల నోట్‌బుక్కు చూపొద్దు, ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది. "వీళ్లిద్దరిలో ఎవరికి వచ్చింది? ఎట్ల తెలిసింది?" అని అడగండి. "ఆ పిల్ల పన్నెండు మొత్తం రాసింది టీచర్" అని ఎవరో ఒకరు అంటారు. అదే మీ గుర్తు. "అయితే గడిలో ఎన్ని ఉండాలె?" "ఒక్కటే." వాళ్ల నోటి మాటనే బోర్డు మీద రాయండి.

ఇంకో పని, 312 పక్కన 27 పుల్లలు పెట్టి, "దీనికి పదిహేను కలిపితే మూడొందల పుల్లలైతయా?" అని అడగండి. నవ్వుతారు. ఆ నవ్వు వచ్చిందంటే సంఖ్య ఎంతో వాళ్లకు తెలిసినట్టు.

మొత్తం అయిదారు నిమిషాలు. నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో అంతకు మించొద్దు. ముఖ్యంగా పిల్లలతో నోట్‌బుక్కులోకి ఎక్కించకండి. ఏడేళ్ల పిల్లలకు ఒక్క వాక్యం ఎక్కించడానికే ఎనిమిది, పది నిమిషాలు పోతాయి, ఎక్కించాక అదేమిటో ఒక్కరికీ గుర్తుండదు. మొదట్లో ఆ పిల్ల అడిగింది అందుకే.

బడిగంట
దీనికొక మినహాయింపు ఉంది. పిల్లలు తామే కనుక్కోవాల్సిన పాఠమైతే వాక్యాన్ని ముందు రాయొద్దు. "పది దాటితే కట్ట కడతాను" అని ముందే రాస్తే, కనుక్కోవడానికి ఏమీ మిగలదు. పుల్లలిచ్చి "27, 15 కలిపి, లెక్కపెట్టడానికి సులువుగా పేర్చండి" అని వదిలేయండి. పది నిమిషాల తరువాత ఎవరో ఒకరు కట్ట కడతారు. అప్పుడు బోర్డు మీద రాయండి. మొదట్లో కావాలంటే ప్రశ్న రాయండి: "విడి పుల్లలు ఎక్కువైతే ఏం చేద్దాం?"

వనపర్తి_చెట్టుకింద
పరిసరాలకు కూడా ఇదే పద్ధతి. మనకు పరిసరాల విజ్ఞానం పుస్తకం మూడో తరగతి నుంచి గానీ, రెండో తరగతిలో తెలుగు, లెక్కల్లోనే కలిపి చెప్తాం కదా. ఆకుల పాఠం తీసుకోండి. "ఆకుల గురించి తెలుసుకుంటాను" అనొద్దు, తెలుసుకున్నాడో లేదో ఎవరికీ కనపడదు. "ఆకులను రెండు గుంపులు చేసి, ఎందుకు చేశానో చెప్పగలను" అనండి.

గుర్తులు: నా గుంపుకు ఒక్కటే కారణం ఉంది. ఏ ఆకూ బయట మిగలలేదు. నా కారణం విని పక్కవాళ్లు కొత్త ఆకును సరైన గుంపులో పెట్టారు.

వేప, మందారం అంచు రంపం లాగా ఉంటుంది. రావి, జామ అంచు నున్నగా ఉంటుంది. పిల్లలు "పెద్దవి, ఆకుపచ్చవి" అని రెండు గుంపులు చేస్తారు, అంటే కారణాలు రెండు కలిసిపోయాయి. రావి ఆకు పెద్దదీ, ఆకుపచ్చదీ, ఎటు పెట్టాలో తోచదు. మొదటి గుర్తు దాన్ని పట్టేస్తుంది.

ఒక్క జాగ్రత్త. వేపలో, చింతలో మనం తెంపే చిన్నది నిజానికి పూర్తి ఆకు కాదు, రెమ్మ మొత్తం ఒక ఆకు. రెండో తరగతిలో అది చెప్పక్కర లేదు. కానీ ఒక పిల్ల చేతిలో రెమ్మ, ఇంకో పిల్ల చేతిలో చిన్నది ఉంటే గుంపులు కుదరవు. పాఠానికి ముందే ఏది ఇవ్వాలో మీరు తేల్చుకోండి.

పాలమూరు_పంతులు
ఇవన్నీ సరే. కేంద్రం పెట్టిన నిపుణ్ లక్ష్యంలో రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు అర్థంతో చదవాలి అని ఉంది. అదే బోర్డు మీద పెడితే పిల్లకు లెక్క స్పష్టంగా ఉంటుంది కదా? "నేను నిమిషానికి 45 పదాలు చదువుతాను."

రామగిరి_తెలుగుటీచర్
అది మీ కోసం రాసిన లెక్క, పిల్ల కోసం కాదు. బోర్డు మీద పెట్టిన రోజునుంచి పిల్లలు పరుగెత్తుతారు, చుక్క దగ్గర ఆగరు, ఒత్తులు మింగుతారు. పైగా తెలుగులో "చదువుకుంటున్నారు" అన్నది ఒక్క పదమే, ఇంగ్లీషులో దానికి మూడు కావాలి. పిల్లకు ఇచ్చే గుర్తు: "చుక్క దగ్గర ఆగాను. రాని మాటను విడగొట్టి మళ్లీ చదివాను. చదివినాక ఏం జరిగిందో ఒక్క మాటలో చెప్పాను." నిమిషాల లెక్క మీ రిజిస్టర్లో వేసుకోండి.

పాలమూరు_పంతులు
ఇది ఒప్పుకుంటున్నా. అవ్వ సంగతి మాత్రం ఒప్పుకోలేదు.

మిర్యాలగూడ_ఇంగ్లీష్
ఇంగ్లీషుకు ఒక చిన్న మాట. బోర్డు మీది వాక్యం, గుర్తులు తెలుగులోనే చెప్పండి, పిల్లలు పలికే వాక్యం మాత్రం ఇంగ్లీషులో ఉండాలి. "నా సంచిలో ఏముందో ఇంగ్లీషులో చెప్పగలను." గుర్తు: వస్తువు చేత పట్టుకొని చూపించాను, "దిస్ ఈజ్ మై" అని మొదలుపెట్టాను, నాలుగు వస్తువులు చెప్పాను. గుర్తును కూడా ఇంగ్లీషులో రాస్తే అది చదవడమే ఇంకో పాఠం అయిపోతుంది.

అచ్చంపేట_ఒక్కడే_సార్
చివర్ల టిక్కు పెట్టుమంటే అందరూ మూడింటికి మూడు పెడుతున్నరు. 312 రాసినోడు గూడ.

లెక్కల_మేస్త్రి
ఏడేళ్లప్పుడు అంతే, "వచ్చిందా" అంటే "వచ్చింది" అనడమే. టిక్కు అడగకండి, చూపించమనండి. "ఒక్క గడిలో ఒక్క అంకె, ఎక్కడుందో వేలు పెట్టు." వాడి వేలు 12 మీదకు పోయి ఆగుతుంది. ముప్పై మందినీ చూడలేరు, రోజుకు ఆరుగురిని చూస్తే వారంలో అందరూ అవుతారు.

సుద్దముక్క_నల్గొండ
సోమవారానికి ఇట్ల అనుకుంటున్న. ముందు పుల్లలు, ప్రశ్న మాత్రమే. తర్వాత 42, 312 చార్టులు, పిల్లల మాటలతోని గుర్తులు. నోట్‌బుక్కు పనికి ఆరు లెక్కలు:

27 + 15
38 + 24
46 + 19
23 + 14
52 + 36
35 + 25

గుర్తులు: ఒక్క గడిల ఒక్క అంకె. చేతిలో ఒకటి పైన రాసిన. దాన్ని కలిపిన. సరిపోతదా?

లెక్కల_మేస్త్రి
లెక్కలు మంచిగున్నయి. 23, 14లో చేతిలో ఏమీ రాదు, 52, 36లో కూడా రాదు. అవి ఉండాల్సిందే, లేకపోతే 23, 14కు అలవాటుగా పైన ఒకటి వేసి 47 అని రాసేవాళ్లు దొరకరు. కానీ మీ రెండో గుర్తు అక్కడ చెడగొడుతుంది. "చేతిలో ఒకటి పైన రాసిన" అని ఉంటే, బుద్ధిమంతురాలైన పిల్ల గుర్తు కోసమైనా అక్కడ ఒకటి వేస్తుంది. "పది అయినా, దాటినా చేతిలో ఒకటి పైన రాసిన" అని మార్చండి.

35, 25ను చివరనే ఉంచండి. విడివి సరిగ్గా పది, కట్ట కట్టేస్తే ఏమీ మిగలవు. సగం మంది ఆ గడి ఖాళీ వదిలి 6 అని రాస్తారు.

సుద్దముక్క_నల్గొండ
అయితే మొదటి గుర్తు గూడ మార్చాలె. "ఏ గడీ ఖాళీ లేదు, ఒక్క గడిల ఒక్క అంకె."

లెక్కల_మేస్త్రి
అంతే. సున్నా కూడా అంకేనా అని ఒకరు అడుగుతారు, తయారుగుండండి.

చింతగింజ
రబ్బర్లు ఎక్కువ తెచ్చుకోండి టీచర్. పీరియడ్ అయ్యేసరికి సగం రబ్బర్లు పిల్లల జడలల్ల ఉంటయి.